జ్యూరీ చక్రంలో మన పేరు: డాలస్ పరిసరాల తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

సంఘాలు నడుపుతున్న పెద్దలకు, ఈమధ్యే పౌరసత్వ ప్రమాణం చేసివచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఎన్నాళ్లుగానో చూస్తున్న ఒక ప్రశ్న గురించి ఈ ఉత్తరం. "జ్యూరీ సమన్స్ వచ్చింది, ఎలా తప్పించుకోవాలి?" అని ఒకరు అడుగుతారు. అరగంట తిరక్కుండా సలహాలు వచ్చిపడతాయి. సిటిజెన్ కాదని టిక్కు పెట్టెయ్, ఎవడూ చూడడు అంటారు ఒకరు. ఇంగ్లీషు సరిగా రాదని చెప్పు అంటారు ఇంకొకరు, రోజంతా ఆ ఇంగ్లీషులోనే మీటింగులు పెట్టే మనిషికి. పోలీసు చెప్పిందంతా నిజమేనని నమ్ముతానని గట్టిగా అను, డిఫెన్స్ లాయరే తీసేస్తాడు అని మరొకరు. ఈమధ్య ఒక గ్రూపులో ఈ సలహాల కింద సంఘం బాధ్యుడొకాయన బొటనవేలి గుర్తు కూడా పెట్టారు. ఏ సంఘమో ఇక్కడ అనవసరం. అన్ని గ్రూపుల్లోనూ జరుగుతున్నదే.

ముందు ఆ మొదటి సలహా సంగతి. ఎవరూ చూడరన్నది అబద్ధం. టెక్సస్ చట్టం ప్రకారం, పౌరుణ్ని కాదని చెప్పి జ్యూరీ నుంచి బయటపడ్డవాళ్ల పేర్లతో కోర్టు క్లర్కు ఒక జాబితా ఉంచాలి. దాన్ని ప్రతినెలా ఓటరు రిజిస్ట్రారుకూ, రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయానికీ పంపాలి. ప్రాసిక్యూటర్‌కూ ఒక ప్రతి వెళుతుంది. ఓటరు జాబితాలో ఉన్న మనిషి నేను పౌరుణ్ని కానని సంతకం పెట్టాడంటే రెంట్లో ఒకటి అబద్ధం. ఓటు నమోదప్పుడు అబద్ధం చెప్పాడా అని చూడటానికే ఆ ప్రతి. రిజిస్ట్రారు నుంచి నోటీసు వస్తుంది. పౌరసత్వానికి రుజువు గడువులోగా చూపకపోతే ఓటు పోతుంది. పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు క్యూలో నిలబడి తెచ్చుకున్న పౌరసత్వాన్ని ఒక పూట ఆఫీసు పోతుందని మన చేత్తో మనమే కాదని రాసిస్తున్నాం.

దీనికి ఎదురు తప్పు కూడా ఒకటుంది, అది ఇంకా ప్రమాదం. డ్రైవింగ్ లైసెన్సుల జాబితా కూడా కోర్టు వాడుతుంది కాబట్టి గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లకీ, ఒక్కోసారి హెచ్-1బి మీద ఉన్నవాళ్లకీ సమన్స్ వస్తుంది. కోర్టు కాగితమని భయపడి అన్నింటికీ 'అవును' అని గీతలు పెడితే, పౌరుడు కానివాడు పౌరుణ్నని రాసిచ్చినట్టవుతుంది. ఆ ఒక్క టిక్కు తర్వాత ఇమ్మిగ్రేషన్ ఫైలులో తేలిందంటే లాయరు కూడా కాపాడలేని పరిస్థితి రావచ్చు. పౌరులు కానివాళ్లు చేయాల్సింది చిన్నపని. కాగితాన్ని పక్కన పారేయకుండా, పౌరుణ్ని కానన్న గడిలో నిజం రాసి వెనక్కి పంపాలి.

ఇది ప్రమాదాల సంగతి. నేను అసలు మాట్లాడదలచుకున్నది వేరే. చీటీ తీసి మనుషుల్ని పిలవడమనే ఈ పద్ధతి ఎందుకు వచ్చిందో, దాని ముందు ఏముండేదో మనలో చాలామందికి తెలియదు. తెలియకపోవడంలో వింత లేదు. మనం పుట్టిపెరిగిన చోట 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చాక మామూలు క్రిమినల్ కోర్టుల్లో జ్యూరీ అన్నదే లేదు. మనకు చీటీ అంటే లాభమొచ్చే చోట తీసేది. కలెక్టరు ముందు మద్యం దుకాణాల లైసెన్సుకు డ్రా, ఇళ్ల కేటాయింపుకు డ్రా. పేరొస్తే స్వీట్లు పంచుతాం. ఇక్కడ చీటీలో పేరొస్తే పని చెడుతుంది, పార్కింగు వెతుక్కోవాలి, మొదటిరోజుకు 20 డాలర్లిస్తారు, రెండోరోజు నుంచి రోజుకు 58. అదీ 2023లో పెంచాక. అంతకుముందు మొదటిరోజుకు ఆరు డాలర్లే.

మన పేరు ఆ చీటీలోకి ఎలా వెళుతుందో చూడండి. టెక్సస్‌లో ప్రతి కౌంటీకీ ఒక జ్యూరీ వీల్ ఉంటుంది. ఓటర్ల జాబితా, డ్రైవింగ్ లైసెన్సూ ఐడీ కార్డూ ఉన్నవాళ్ల జాబితా, ఈ రెండూ కలిపి, రెండుసార్లు వచ్చిన పేర్లు తీసేసి, ఏటా దాన్ని కొత్తగా నింపుతారు. ఇప్పుడు కంప్యూటరే పేర్లు తీస్తుంది. పూర్వం నిజంగానే చక్రం, అంటే తిరిగే డబ్బా. లోపల పేర్లు రాసిన కార్డులు. దానికి వేర్వేరు తాళంచెవులున్న రెండు తాళాలు వేసి, ఒక చెవి షెరీఫ్ దగ్గర, రెండోది జిల్లా క్లర్కు దగ్గర ఉంచాలని చట్టంలో రాశారు. ఇద్దరూ వస్తే తప్ప తెరుచుకోదు. పోలీసు అధికారినీ కోర్టు అధికారినీ ఇద్దర్నీ ఒంటరిగా నమ్మలేదన్నమాట.

అంత అపనమ్మకం ఎందుకో తెలియాలంటే మన రాష్ట్రంలోనే, మెక్సికో సరిహద్దున ఉన్న హిడాల్గో కౌంటీకి వెళ్లాలి. కేసు పేరు కాస్టనేడా వర్సెస్ పార్టిడా. 1972లో రోడ్రిగో పార్టిడా అనే అతనికి అక్కడి కోర్టులో శిక్ష పడింది. అతని లాయర్లు నేరం సంగతి పక్కనపెట్టి, అతనిమీద అభియోగం మోపిన గ్రాండ్ జ్యూరీని ఎలా ఎంపిక చేశారని అడిగారు.

అప్పట్లో టెక్సస్ గ్రాండ్ జ్యూరీకి చీట్లు లేవు. జడ్జి ముగ్గురి నుంచి ఐదుగురి దాకా కమిషనర్లను నియమించేవాడు. ఆ కమిషనర్లు కూర్చుని, తమకు తెలిసినవాళ్లలో మంచివాళ్లు, నిదానస్తులు అనుకున్న పదిహేను ఇరవై మంది పేర్లు రాసేవాళ్లు. అందులోంచి జడ్జి పన్నెండుగురిని పెట్టుకునేవాడు. కీ-మ్యాన్ పద్ధతి అంటారు దీన్ని. మనకు బాగా తెలిసిన వ్యవహారమే ఇది, ఊరి పెద్దల్ని పిలిచి ఎవరైతే బాగుంటుందో చెప్పమనడం.

లెక్క తీశారు. కౌంటీ జనాభాలో 79.1 శాతం మెక్సికన్ అమెరికన్లు. పదకొండేళ్లలో గ్రాండ్ జ్యూరీకి పిలిచినవాళ్లు 870 మంది. పేర్లు గుడ్డిగా తీసి ఉంటే అందులో దాదాపు 688 మంది మెక్సికన్ అమెరికన్లు ఉండాలి. ఉన్నది 339. అనుకోకుండా కొంచెం అటూ ఇటూ కావడం సహజం, కానీ ఇన్ని చీట్లలో ఆ అటూ ఇటూ పన్నెండు పేర్ల మేర అయితేనే మామూలు. ఇక్కడ తేడా దాదాపు 350. యాదృచ్ఛికంగా ఇలా జరిగే అవకాశాన్ని సుప్రీంకోర్టు తన తీర్పు అడుగుగమనికలో లెక్కగట్టింది: ఒకటి పక్కన 140 సున్నాలు పెట్టి, అన్నిసార్లలో ఒక్కసారి కూడా కాదని.

నన్ను ఆపేసింది ఈ అంకె కాదు. ఆ జ్యూరీకి పేర్లు రాసిన ఐదుగురు కమిషనర్లలో ముగ్గురు మెక్సికన్ అమెరికన్లే. జడ్జి కూడా మెక్సికన్ అమెరికనే. తమవాళ్లను తామే ఎందుకు తొక్కుతారని టెక్సస్ తరఫున వాదించారు. 1977లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఆ వాదన కుదరదంది, పార్టిడా గెలిచాడు. మనకు తెలిసినవాళ్లలో మంచివాళ్లను చెప్పమంటే ఎవరైనా ఎవర్ని చెబుతారు? క్లబ్బులో కలిసేవాణ్ని, వ్యాపారస్తుణ్ని, పనికి సెలవు పెడితే జీతం తెగనివాణ్ని చెబుతారు. ద్వేషం ఉండక్కర్లేదు, పరిచయం చాలు. మన సంఘాల కార్యవర్గాల ఎంపిక ఎలా జరుగుతుందో ఒక్కసారి తలచుకుంటే ఈ సంగతి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఫెడరల్ కోర్టులు ఈ పద్ధతిని 1968 చట్టంతో వదిలేశాయి. టెక్సస్ మాత్రం గ్రాండ్ జ్యూరీలకు దాన్ని 2015 దాకా అట్టే పెట్టుకుంది. ఆ ఏడు సెప్టెంబరు నుంచి అక్కడా లాటరీయే. మనలో చాలామంది అప్పటికే ఇక్కడ ఇళ్లు కొనుక్కుని ఉన్నాం.

చీటీ తీసేది తెలివైనవాణ్ని పట్టుకోవడానికని అనుకుంటే ఇది పిచ్చి పద్ధతిలాగే కనిపిస్తుంది. 'చట్టం తెలియనివాడు తీర్పేమిటి?' అని మన ఇళ్లల్లో అడిగేది అందుకే. చట్టమేమిటో జడ్జి రాతపూర్వకంగా జ్యూరీకి ఇస్తాడు. జ్యూరీ తేల్చాల్సింది ఈ సాక్షి నిజం చెప్పాడా, ఈ సంఘటన జరిగిందా అన్నది. దానికి కావలసింది చదువు కంటే, ఫలానా ఫలితం రావాలని తనను ఎవరూ అక్కడ కూర్చోబెట్టలేదన్న స్థితి. చీటీలో వచ్చినవాడు జడ్జికి రుణపడి లేడు, ప్రాసిక్యూటరుకు రుణపడి లేడు. రేపెవరు వస్తారో ఎవరికీ తెలియదు కాబట్టి ముందుగా వెళ్లి కలవడానికీ వీలుండదు. ఇక పని భారమంటారా, అది ఇష్టపడి వచ్చేవాళ్ల మీదో ఖాళీగా ఉన్నవాళ్ల మీదో పడకుండా అందరిమీదా పడుతుంది. వస్తామని ముందుకొచ్చేవాళ్లనే తీసుకుంటే ఏమవుతుంది? ఎవరో ఒకరికి శిక్ష వేయాలని ఉబలాటపడేవాళ్లు ముందు వరసలో ఉంటారు.

దక్షిణాదివాళ్లకు ఇది కొత్త ఆలోచనేం కాదు. కాంచీపురం దగ్గర ఉత్తరమేరూరులో చోళరాజు మొదటి పరాంతకుని కాలపు శాసనాలున్నాయి, 919లోవీ 921లోవీ. గ్రామసభ కమిటీలకు మనుషుల్ని కుండలో చీట్లు వేసి తీసే పద్ధతి వాటిలో ఉంది. ముప్పై వాడలు. వాడవాడకూ అర్హులైనవాళ్ల పేర్లు తాటాకు ముక్కల మీద రాసి, కట్టకట్టి కుండలో వేస్తారు. అందరూ చూస్తుండగా, లోపల ఏముందో తెలియని ఒక చిన్నపిల్లవాడు తీస్తాడు. తీసిన కట్టను ఇంకో కుండలో వేసి కుదిపి, మళ్లీ పిల్లవాడి చేత ఒక్క ఆకు తీయిస్తారు. దాన్ని అందుకునే మధ్యస్థుడు ఐదు వేళ్లూ విప్పి చాచిన అరచేతిలోనే పుచ్చుకోవాలని శాసనంలో చెక్కారు. పిడికిట్లో ఇంకో ఆకు దాచకుండా! ఆపైన అతను చదివిన పేరునే అక్కడున్న పూజారులందరూ తిరిగి చదవాలి. గడిచిన మూడేళ్లలో పనిచేసినవాడి పేరు కుండలో పడదు. లెక్క అప్పజెప్పనివాడిదీ, వాడి చుట్టాలదీ పడదు.

ఇంత జాగ్రత్త పడ్డ ఆ శాసనమే ఇంకో సంగతీ చెబుతుంది. పేరు కుండలో పడాలంటే పన్ను కట్టే సొంత భూమి ఉండాలి, సొంత స్థలంలో ఇల్లుండాలి, వయసు 35కీ 70కీ మధ్య ఉండాలి. అది బ్రాహ్మణ అగ్రహారం, మిగతా కులాల పేర్లు లేవు, ఆడవాళ్ల పేర్లు లేవు. పిల్లవాడి చెయ్యి ఎంత నిష్కపటమైనదైనా కుండలో లేని పేరును తీయలేదు. టెక్సస్ చక్రంలో కూడా 1954 నవంబరు దాకా ఆడవాళ్ల పేర్లు లేవు. లాటరీ న్యాయంగా జరిగిందా అని అడిగేముందు లోపలికి ఎవరి పేర్లు వెళ్లాయని అడగాలి. నా ఉత్తరమంతా ఈ ఒక్క ముక్క కోసమే.

పేరు ఉండి కూడా లేకుండా పోవడం ఎలా ఉంటుందో కనెక్టికట్‌లో తెలిసింది. హార్ట్‌ఫోర్డ్ ఫెడరల్ కోర్టు జ్యూరీ జాబితాలో ఏళ్లతరబడి హార్ట్‌ఫోర్డ్ నగరవాసి ఒక్కరూ కనిపించలేదు. ఆ ప్రాంతపు నల్లజాతి ఓటు వయసువాళ్లలో దాదాపు 63 శాతం మంది, హిస్పానిక్‌లలో 68 శాతం మంది హార్ట్‌ఫోర్డ్, న్యూ బ్రిటన్ అనే రెండు ఊళ్లలోనే ఉంటారు. 1992లో డిఫెన్స్ లాయర్లు తవ్వితే కారణం బయటపడింది. కంప్యూటరు రికార్డులో ఊరిపేరు ఒక గడి పక్కకు జరిగి, ఇంగ్లీషులో హార్ట్‌ఫోర్డ్‌కు చివరున్న డి అక్షరం మనిషి స్థితిని సూచించే గడిలో పడింది. ఆ గడిలో డి అంటే చనిపోయారని. నగరం మొత్తం చచ్చిపోయిందనుకుని కంప్యూటరు ఎవరికీ ఉత్తరం పంపలేదు. న్యూ బ్రిటన్ పేర్లయితే పొరపాటున అసలు ఎక్కనేలేదు. దుర్మార్గం ఎవరిదీ లేదు. అయినా కోర్టు ఆ జాబితా చెల్లదంది. ఆ పాత జాబితాలో మిగిలిపోయిన పేర్లు కూడా వాడి తీసిన జ్యూరీ వేసిన శిక్షను 1995లో అప్పీలు కోర్టు కొట్టేసింది కూడా. సాఫ్ట్‌వేర్ వాళ్లం కాబట్టి ఈ కథ చెబితే మనం నవ్వుతాం. కానీ ఆ తప్పు ఎంతకాలం దాగిందో ఆలోచించండి. కోర్టులో వచ్చి కూర్చున్న ప్యానెల్‌ను చూసి ఎవరూ అనుమానించలేదు, రానివాళ్లు ఎవరికీ కనబడరు గనక.

మనం ఇప్పుడు చేస్తున్నది అదే పని, కంప్యూటరు సాయం లేకుండా. అర్వింగ్ అపార్ట్‌మెంటులో ఉన్నప్పుడు తీసుకున్న లైసెన్సు మీద పాత అడ్రసు. ఇల్లు కొని ఫ్రిస్కో వెళ్లాం, అంటే డాలస్ కౌంటీ దాటి కాలిన్‌కో డెంటన్‌కో మారాం. ముప్పై రోజుల్లో అడ్రసు మార్చాలని రూలు, మార్చం. సమన్స్ పాత అపార్ట్‌మెంటుకు వెళ్లి తిరిగొస్తుంది. కొత్త కౌంటీ చక్రంలో మన పేరు ఉండదు, పాత కౌంటీలో ఉన్న పేరు పనికిరాదు. అద్దె ఇళ్లు తరచూ మారేవాళ్లు, కొత్తగా వచ్చినవాళ్లు, కుర్రాళ్లు ఇలాగే రాలిపోతారు. మిగిలేది ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నవాళ్లు. రేపు మన పిల్లవాడు ఏ యాక్సిడెంటు కేసులోనో నిలబడితే ఎదురుగా కూర్చునేది వాళ్లే.

సమన్స్ అందుకుని వెళ్లినవాళ్లకు కూడా ఒక సందేహం మిగిలిపోతుంది. 'పొద్దుటే వెళ్లాను, సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపేశారు, నేను వెళ్లి ఏం ఒరిగింది?' అంటారు. అక్కడ లెక్క ఎలా నడుస్తుందో చూపిస్తాను.

ఫెలొనీ కేసనుకోండి, అంటే పెద్ద నేరం. అరవైమందిని కోర్టు హాలులోకి పంపారు, ఒక్కొక్కరికీ ఒక నంబరు, అదీ లాటరీ వరసే. కావలసింది పన్నెండుమంది. ప్రాసిక్యూటరూ డిఫెన్సూ ప్రశ్నలు వేస్తారు, వోర్ డయర్ అంటారు దీన్ని. కేసు వినకముందే మనసులో నిర్ణయం అయిపోయినవాళ్లను, నిష్పక్షంగా ఉండలేమని చెప్పినవాళ్లను జడ్జి తీసేస్తాడు. దీనికి హద్దు లేదు, ఎందరినైనా తీయొచ్చు. ఆ తర్వాత ఒక్కో పక్షం కారణం చెప్పకుండా పదేసి పేర్లు కొట్టేయొచ్చు. పన్నెండూ, పదీ, పదీ కలిపితే ముప్పై రెండు. అంటే జడ్జి తీసేసినవాళ్లు పోగా, నంబరు వరసలో మొదట మిగిలిన ముప్పై రెండుమందే నిజంగా లెక్కలోకి వస్తారు. స్ట్రైక్ జోన్ అంటారు లాయర్లు. జడ్జి పద్నాలుగుమందిని ముందువరసల్లోంచే తీసేశాడనుకుంటే ఆ హద్దు 46వ నంబరు దగ్గర ఆగుతుంది. మీ నంబరు 41 అయితే మీరు జోన్‌లో ఉన్నారు. మిమ్మల్ని ఎవరూ కొట్టేయకపోతే, మీ ముందువాళ్లలో ఎంతమందిని కొట్టేశారన్నదాన్ని బట్టి కూర్చోవచ్చు. మీ నంబరు 47 అయితే ఇక ఏం చెప్పినా చెప్పకపోయినా మీ వంతు రాదు. కానీ ఆ పద్నాలుగు పదిహేనైతే? జడ్జి ఎందర్ని తీస్తాడో పొద్దున ఎవరికీ తెలియదు గనకే అరవైమందిని పిలుస్తారు. సాయంత్రం ఇంటికి పంపినవాడు కూడా ఆ వరసను నిలబెట్టినవాడే.

నంబరుకు ఇంత విలువుంది కాబట్టే టెక్సస్‌లో ఒక విచిత్రమైన హక్కుంది. ప్రశ్నలు మొదలవకముందు ఏ పక్షమైనా వరసను మళ్లీ కలపమని అడగొచ్చు, ఒక్కసారి. జ్యూరీ షఫుల్ అంటారు. కారణం చెప్పనక్కర్లేదు. వినడానికి లాటరీ మీద లాటరీ, ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. తప్పు ఎక్కడుందంటే, అడిగేవాడు హాలులోకి చూసి, ముందువరసలో ఎవరు కూర్చున్నారో లెక్కబెట్టుకుని అడుగుతాడు. నచ్చితే ఉంచుతాడు, నచ్చకపోతే కలపమంటాడు.

మన డాలస్‌లోనే 1986లో థామస్ మిల్లర్-ఎల్ కేసులో ఇది జరిగింది. ముందు వరసల్లో నల్లజాతివారు ఎక్కువైనప్పుడు ప్రాసిక్యూటర్లు షఫుల్ అడిగారు. మొత్తం 108 మందిలో నల్లజాతివారు ఇరవైమంది. తొమ్మిదిమంది కారణాలతోనో ఇరుపక్షాల ఒప్పందంతోనో వెళ్లిపోయారు, మిగిలిన పదకొండుమందిలో పదిమందిని ప్రాసిక్యూటర్లు కారణం చెప్పకుండా కొట్టేసే హక్కుతో కొట్టేశారు. జ్యూరీలో కూర్చున్నది ఒక్కరు. మరణశిక్ష పడింది. 2005లో సుప్రీంకోర్టు 6-3తో దాన్ని తోసిపుచ్చింది. ఆ కేసులో బయటికొచ్చిన పాత కాగితాల్లో డాలస్ డిస్ట్రిక్ట్ అటార్నీ కార్యాలయం 1963 నాటి సర్క్యులర్ ఒకటుంది. యూదుల్ని, నల్లవాళ్లను, మెక్సికన్లను, అసలు ఏ మైనారిటీ జాతివాణ్నీ జ్యూరీలోకి తీసుకోవద్దని దాని సారాంశం, వాళ్లు ఎంత డబ్బున్నవాళ్లైనా, ఎంత చదువుకున్నవాళ్లైనా సరే. చివరి మాటను మనవాళ్లు రెండుసార్లు చదవాలని నా కోరిక. మన ఆరంకెల జీతాలూ మాస్టర్స్ డిగ్రీలూ ఆ కాగితం ముందు ఏ పనికీ వచ్చేవి కావు. అలా పోరాడి తెరిపించిన తలుపులోంచి రమ్మని కౌంటీ పిలుస్తుంటే, రాకుండా ఉండే ఉపాయాలు మనం గ్రూపులో పంచుకుంటున్నాం.

లాటరీ అన్నీ సరిచేస్తుందని చెప్పను. కౌంటీలో ప్రతి పదిమందికీ ఒకరు మనలాంటి ఆసియావాళ్లనుకోండి. గుడ్డిగా పన్నెండుమందిని తీస్తే అందులో ఒక్క ఆసియావాడూ లేకపోయే అవకాశం నూటికి 28. అంటే నాలుగు జ్యూరీల్లో ఒకటి మామూలుగానే అలా ఉంటుంది, అందులో కుట్ర వెతకనక్కర్లేదు. అదే అరవైమంది ప్యానెల్‌లో ఒక్కరూ లేకపోయే అవకాశం వెయ్యికి రెండు కూడా లేదు. ప్యానెల్ తర్వాత ప్యానెల్ అలాగే వస్తుంటే చక్రంలోనే ఏదో చెడిందని అర్థం. అందుకే చట్టం ప్రతి పన్నెండుమందిలోనూ అందరూ ఉండాలని అడగదు, పేర్లు తీసే జాబితా సమాజంలాగే ఉండాలంటుంది. ఆ జాబితా బాగోగులు సగం కౌంటీ చేతిలో, సగం మన పోస్టుడబ్బాలో ఉన్నాయి.

పెద్దలకు నా విన్నపాలు మూడు, మూడూ ఖర్చు లేనివే.

మీరు పౌరసత్వం, ఓటు నమోదు శిబిరాలు పెడుతున్నారు. అందులో ఓ అరగంట జ్యూరీకి ఇవ్వండి. చెప్పాల్సింది ఎక్కువేం లేదు. సమన్స్‌కు జవాబివ్వకపోతే వంద నుంచి వెయ్యి డాలర్ల జరిమానా పడొచ్చు. తప్పించుకోవడానికి అబద్ధం అవసరం లేదు, న్యాయమైన మినహాయింపులు కాగితం మీదే ఉన్నాయి: పన్నెండేళ్లలోపు పిల్లల్ని చూసుకోవాల్సినవాళ్లకు, 75 దాటినవాళ్లకు, చదువుకుంటున్న విద్యార్థులకు, మంచంపట్టినవాళ్లను చూసుకునేవాళ్లకు. ఇండియా టికెట్లు కొనేసి ఉంటే, ప్రాజెక్టు రిలీజ్ ఉంటే వాయిదా అడగొచ్చు, అడిగితే సాధారణంగా ఇస్తారు. వాయిదాకూ ఎగవేతకూ తేడా ఉంది, ఈ తేడా చెప్పండి. ఇంగ్లీషు విషయమూ చెప్పండి. చదవడం, రాయడం రావాలి, అంతే. మన యాస అనర్హత కాదు.

గ్రూపుల్లో తప్పించుకునే చిట్కాలు వచ్చినప్పుడు అడ్మిన్లు దాన్ని సరదాగా వదిలేయకండి. 'పౌరుణ్ని కాదని రాయి' అన్న సలహా కనబడిన వెంటనే తీసేసి, ఎందుకు తీశారో కింద రాయండి. ఇప్పటికే అలా రాసిచ్చినవాళ్లుంటే ఓటరు రిజిస్ట్రారు నోటీసు కోసం ఎదురుచూడకుండా లాయరును కలవమనండి.

చివరిది, మీలో కంపెనీలు నడిపేవాళ్లకు. కన్సల్టెన్సీల్లో గంటల లెక్కన పనిచేసే కుర్రాళ్లు జ్యూరీకి వెళ్లిన రోజున జీతం పోగొట్టుకుంటున్నారు. జ్యూరీకి వెళ్లాడని పర్మనెంట్ ఉద్యోగిని తీసేయకూడదని టెక్సస్ చట్టం ఉంది, ఆ రోజు జీతమివ్వాలని ప్రైవేటు కంపెనీల మీద నిర్బంధం లేదు. మీరు ఇవ్వొచ్చు. ఏడాదికి ఒకరికో ఇద్దరికో వచ్చే సమన్స్ అది, రోజూ వచ్చేది కాదు. ఆఫర్ లెటర్లో ఒక వాక్యం చేర్చండి: జ్యూరీ రోజుల జీతం కంపెనీ ఇస్తుంది, కోర్టు ఇచ్చిన హాజరు చీటీ చూపితే చాలు.

ఇట్లు,
కాలిన్ కౌంటీ జ్యూరీ జాబితాలో పేరున్న మీవాడు